మీన చైత్రంలో రాముడి పెళ్ళి, మన పెళ్ళికి మాత్రం శూన్యమాసం

2025లో శ్రీరామనవమి ఏప్రిల్ 6న వచ్చింది. భద్రాచలంలో అభిజిత్ లగ్నంలో సీతారాముల కల్యాణం జరిగింది, ఊరూరా పందిళ్ళు వెలిశాయి, పానకం పంచారు. అదే రోజుకు మీ అమ్మాయి పెళ్ళి ముహూర్తం పెట్టమని పంతులుగారిని అడిగి ఉంటే కుదరదనేవారు. అది మీన చైత్రం, అంటే శూన్యమాసం. దేవుడికి పనికొచ్చిన రోజు మనకెందుకు పనికిరాదని చాలామందికి అనుమానం వస్తుంది.

శూన్యమాసాలంటే ఆషాఢం, భాద్రపదం, పుష్యం అని ఇంట్లో పెద్దలు వేళ్ళమీద లెక్కపెట్టి చెబుతారు. శాస్త్రం చెప్పే లెక్క ఇంకాస్త సూక్ష్మం. చాంద్రమాసం ఏదన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఆ సమయంలో సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో కూడా చూడాలి. సూర్యుడు మీనంలో ఉండగా వచ్చే చైత్రం, మిథునంలో ఉండగా వచ్చే ఆషాఢం, కన్యలో ఉండగా వచ్చే భాద్రపదం, ధనుస్సులో ఉండగా వచ్చే పుష్యం శూన్యాలు. ఈ రెండూ కలిసిన రోజులే దోషం. చాంద్ర సంవత్సరం సౌర సంవత్సరం కంటే సుమారు 11 రోజులు చిన్నది కనుక ఆ కలయిక ఏటా ఒకేలా ఉండదు. పోయినేడు పనికొచ్చిన తారీఖు ఈ ఏడు పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

చైత్రాన్నే చూడండి. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, సూర్యుడు మేషంలో ప్రవేశించింది ఏప్రిల్ 14న. చైత్రంలో మొదటి సగం శూన్యంలోకి పోయింది, సంక్రమణం తరువాత అమావాస్య దాకా ఉన్న రోజులే ముహూర్తాలకు మిగిలాయి. అంతకు ముందటి ఏడు ఉగాది ఏప్రిల్ 9న పడింది. మేష సంక్రమణం ఏప్రిల్ 13 రాత్రికే జరిగిపోవడంతో శూన్యం అయిదు రోజులతో సరిపోయింది. ఏప్రిల్ 17న నవమి నాటికి సూర్యుడు మేషంలోనే ఉన్నాడు. పంచాంగంలో పేజీ పైన ఉండే మాసం పేరు చూసి ఆగిపోకుండా, లోపల సంక్రమణం ఏ తేదీన రాశారో చూస్తే ఈ లెక్క ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇక మొదటి అనుమానం. స్వామి కల్యాణానికి ఎవరూ కొత్తగా ముహూర్తం వెతకరు. అది ఆ తిథికి కట్టుబడిన ఉత్సవం, నవమి ఎప్పుడు వస్తే అప్పుడే జరగాలి. మన పెళ్ళికి తిథి ముందే రాసిపెట్టి ఉండదు, వధూవరుల మేలు కోరి ఎంచుకోవాలి. ఎంచుకునే వీలున్నచోటే విధినిషేధాలు. ధనుర్మాసం ఇందుకు మరో చక్కని ఉదాహరణ. తిరుమలలో సుప్రభాతం స్థానంలో తిరుప్పావై వినిపించే ఆ నెలలో మనుషుల పెళ్ళిళ్ళు ఉండవు. కానీ ఆ నెల చివరన, భోగి నాడు, గోదాదేవికి రంగనాథుడితో కల్యాణం చేస్తాం. నెలంతా ఆమె చేసిన వ్రతానికి ఫలం ఆ పెళ్ళి. ధనుర్మాసంలో మన పెళ్ళిళ్ళు ఆపడం అశుభమని భయపడి కాదని, ఆ రోజులు భగవంతుడికి వదిలిపెట్టడమని నాకు అనిపిస్తుంది.

శూన్యమాసం తప్పినంత మాత్రాన ముహూర్తం దొరుకుతుందని లేదు. అధికమాసమైతే మానేస్తారు. గురు, శుక్ర మూఢాలు కూడా చూడాలి. గురుడు గానీ శుక్రుడు గానీ సూర్యుడికి బాగా దగ్గరై కంటికి కనిపించని రోజులు మూఢం. 2024లో ఇదే జరిగింది. ఏప్రిల్ చివర శుక్ర మూఢం మొదలైంది, మేలో గురు మూఢం కూడా తోడైంది. పెళ్ళిళ్ళకు శ్రేష్ఠమని చెప్పే వైశాఖ జ్యేష్ఠాలు రెండూ ఖాళీగా పోయాయి. కల్యాణమండపాలు వెలవెలబోయాయి. మామూలు ఏడాదిలోనైనా జ్యేష్ఠంలో ఇంకో పట్టింపు ఉంది: వరుడు ఇంటికి పెద్దకొడుకై, వధువు పెద్దకూతురైతే ఆ నెలలో చేయరు. మూడు జ్యేష్ఠాలు కలవకూడదంటారు.

2024లో మూఢం వదిలేసరికి జులై 6న ఆషాఢం వచ్చింది. జులై 16న సూర్యుడు కర్కాటకంలోకి మారాడు. మిథున ఆషాఢమే శూన్యమన్న లెక్క ప్రకారం ఆ తరువాతి రోజులకు ఆ దోషం లేదు. అయినా తెలుగిళ్ళలో ఆషాఢమంటే ఆషాఢమే. కొత్తకోడలినే పుట్టింటికి పంపే నెలలో పెళ్ళి మాట ఎత్తేవారు అరుదు. సూక్ష్మం తెలిసిన సిద్ధాంతులు కూడా ఇక్కడ ఆచారానికే ఓటు వేస్తారు, అది సబబే. మరోవైపు, చాతుర్మాస్యమని ఉత్తరాదిలో కార్తిక శుద్ధ ఏకాదశి దాకా పెళ్ళిళ్ళు ఆపేస్తారు. మనం అన్నాళ్ళు ఆగం. ఆ ఏడు ఆగస్టు 5న శ్రావణం రాగానే మనవాళ్ళు లగ్నపత్రికలు రాయించుకున్నారు.