జీడితోట కూలితే ఒప్పందం ఏమవుతుంది? సెక్షన్ 56తో నా కుస్తీ

గంజాం, గజపతి, రాయగడల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ జ్యుడీషియల్ సర్వీస్ మెయిన్స్‌కి చదువుతున్న మిత్రుల కోసం రాస్తున్నాను. కాంట్రాక్ట్ చట్టంలో ఫ్రస్ట్రేషన్‌ని, ఫోర్స్ మెజ్యూర్‌ని కలిపేసి రాసేవాళ్లే ఎక్కువ. నాకు ఇది నోట్సుతో కాదు, పర్లాకిమిడిలో జీడిపిక్కల వ్యాపారం చేసే మా మామయ్యతో వాదనలో తేలింది.

లెక్క ఇదీ. ఆగస్టులో ఒప్పందం, ఏప్రిల్‌లో ఫలానా తోటలో కాసిన 100 బస్తాలు ఇవ్వాలి, అడ్వాన్సు 50,000. అక్టోబరులో 2018 తిత్లీ లాంటి తుపానుకు తోట మొత్తం నేలకూలింది. ఒప్పందంలో తుపాను మాటే లేదు. "తోటే లేకపోతే పిక్కలెక్కడివిరా?" అన్నాడు మామయ్య. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 56 రెండో పేరా చెప్పేదీ అదే, ఫ్రస్ట్రేషన్ అంటే ఇదే. చెట్లు కూలినప్పుడే ఒప్పందం దానంతటదే చెల్లకుండా పోతుంది, ఎవరూ రద్దు చేయక్కర్లేదు. నష్టపరిహారం ఉండదు, కానీ సెక్షన్ 65 కింద అడ్వాన్సు వెనక్కివ్వాలి. (ఈ ముక్కకి మామయ్య మొహం మాడింది.)

అదే కాగితంలో తోట పేరు లేకుండా "100 బస్తాల పిక్కలు" అని మాత్రమే ఉంటే? బయట కొని ఇవ్వాల్సిందే. ధర రెట్టింపైనా సాకు కాదు. 2017 ఎనర్జీ వాచ్‌డాగ్ తీర్పులో ఇండోనేషియా బొగ్గు ధర పెరిగిందన్న వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఖర్చు పెరగడం వేరు, పని అసాధ్యం కావడం వేరు. 1954 సత్యబ్రత ఘోష్ కేసులో అసాధ్యానికి అర్థం కొంచెం విశాలం చేశారు. పని భౌతికంగా అసాధ్యమే కానక్కర్లేదు, ఒప్పందం పునాదే కదిలిపోతే చాలు. అయినా ఆ కేసులో యుద్ధకాలంలో ప్రభుత్వం భూమిని తాత్కాలికంగా స్వాధీనం చేసుకున్నా ఒప్పందం బతికే ఉందన్నారు.

ఇప్పుడు మూడో మలుపు. తోట పేరుతో పాటు ఇలా కూడా రాసుకున్నారనుకోండి: తుపాను వస్తే 10 రోజుల్లో రాతపూర్వక నోటీసివ్వాలి, గడువు మరుసటి సీజన్‌కి జరుగుతుంది, అప్పటికీ కుదరకపోతే ఎవరైనా రద్దు చేసుకోవచ్చు. ఇదే ఫోర్స్ మెజ్యూర్ క్లాజు. ఇక్కడ ఒప్పందం చావదు, ఆగుతుంది. ఫలితాన్ని చట్టం కాదు, వాళ్ల కాగితమే తేలుస్తుంది. కాబట్టి మన దారి సెక్షన్ 32, అంటే ఒప్పందంలోనే ముందుగా అనుకున్న షరతు. నోటీసును తప్పనిసరి షరతుగా రాసుకుని నెల తర్వాత ఇస్తే క్లాజు రక్షణ పోయే ప్రమాదముంది, అప్పుడు 56 వైపు పరిగెత్తినా తలుపు తెరుచుకోవడం కష్టం. కోర్టులు క్లాజును సంకుచితంగానే చదువుతాయి. అందుకే క్లాజు ఉందా అని ఆగకుండా, ఆ సంఘటన అందులోకి వస్తుందా అని కూడా చూడండి. రాకపోతేనే 56.

మామయ్య తోటను లీజుకు తీసుకుని ఉంటే 56 పనికిరాదు. 1968లో ధ్రువ్‌దేవ్ చంద్ కేసులో, హక్కు బదిలీ అయిపోయిన లీజుకు ఆ సెక్షన్ వర్తించదన్నారు. అప్పుడు ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108(ఇ) తీయాలి. తుపానుకు ఆస్తిలో ముఖ్యభాగం పూర్తిగా నాశనమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా, లీజు ఉంచుకోవాలా వదులుకోవాలా అన్నది లీజుదారు ఇష్టం.