క్లినిక్‌లో టైములు దారికి తెచ్చుకున్నాం: నా అనుభవం

మా అన్నయ్య జనరల్ ఫిజీషియన్. చిన్న ఊళ్ళో చిన్న క్లినిక్. సాయంత్రం 5:30 నుంచి 8:30 దాకా ఓపీ, కౌంటర్ నాది. ఈమధ్య టోకెన్లు తీసేసి ఫోన్లో టైం ఇవ్వడం మొదలుపెట్టాం. సాఫ్ట్‌వేర్ పెట్టించడం, బోర్డు మీద ఫోన్ నంబర్ రాయించడం ఒక్క పూటలో అయిపోయాయి.

అసలు గొడవంతా ఆ తర్వాతే. సాఫ్ట్‌వేర్ అమ్మినాయన మమ్మల్ని ఒక్క మాటైనా అడక్కుండా అందరికీ 10 నిమిషాల చొప్పున నింపేసి వెళ్ళాడు. గంటకు ఆరుగురు, మధ్యలో ఊపిరి తీసుకునే సందు లేదు. ఏడయ్యేసరికి ముప్పావుగంట వెనకబడేవాళ్ళం. ఒకరోజు ఏడింటికి టైం ఇచ్చిన పెద్దాయన 7:50కి కూడా బయటే కూర్చున్నారు. వాళ్ళ ఊరి చివరి బస్సు ఎనిమిదింపావుకి. ఆయన లేచి కౌంటర్ దగ్గరికొచ్చి, హాలంతా వింటుండగా, "టోకెనైతే నా ముందు ఎంతమందున్నారో తెలిసేదమ్మా, బయటికెళ్ళి టీ అన్నా తాగొచ్చేవాణ్ణి. టైమిచ్చి మరీ కూర్చోబెడతారా?" అన్నారు. బీపీ మందులు రాయించుకోకుండానే వెళ్ళిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రాత్రే రిజిస్టర్లో రెండు గళ్ళు గీశాను: లోపలికెళ్ళిన టైం, బయటికొచ్చిన టైం. కొన్నాళ్ళు రాశాక అసలు సంగతి బయటపడింది. కొత్త పేషెంటుకి 17, 18 నిమిషాలు పడుతోంది. పాత మందులు కొనసాగించుకునేవాళ్ళకి 7, 8 చాలు. ఇక టైం తీసుకోకుండా వచ్చేవాళ్ళలో సగానికి పైగా రిపోర్టులు చూపించేవాళ్ళే. పక్క ల్యాబు వాళ్ళు ఏడింటికి రిపోర్టులిస్తారు, అందరూ ఒక్కసారే మా గుమ్మం ముందుకొస్తారు.

దాంతో గంటను ఆరు ముక్కలుగానే ఉంచి, పంచడం మార్చాను. కొత్తవాళ్ళు ఒకరికి రెండు ముక్కలు, పాతవాళ్ళు ఇద్దరికి చెరొకటి, నేరుగా వచ్చేవాళ్ళకి ఒకటి, చివరిది పూర్తిగా ఖాళీ. ఏడు నుంచి ఎనిమిది దాకా మాత్రం ఒక పాత పేషెంటుని తగ్గించి, ఆ ముక్క కూడా రిపోర్టులవాళ్ళకే ఇచ్చాను.

ఖాళీని పేషెంటుకీ పేషెంటుకీ మధ్య రెండేసి నిమిషాలుగా చల్లితే నిలవదు. ఒకరు తొందరగా బయటికొచ్చినా తర్వాతివాళ్ళు ఇంకా రాకపోతే ఆ నిమిషాలు వృథా. గంట చివర ఒకేచోట ఉంటే ఒక పెద్ద ఆలస్యాన్ని మింగేస్తుంది. అది ఖాళీగా కనిపించింది కదా అని ఫోన్లో ఎవరికీ ఇవ్వకూడదు, మెడికల్ రెప్‌లకైతే అసలే ఇవ్వకూడదు. ఛాతీ నొప్పి, ఆయాసంతో వచ్చినవాళ్ళకి ఈ లెక్కలేవీ వర్తించవు, వాళ్ళు నేరుగా లోపలికే.

పట్టిక పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఎనిమిది గంటల పేషెంటు ఎన్నింటికి లోపలికెళ్ళారో రోజూ రాస్తాను. 15 నిమిషాలు దాటడం వరసగా జరిగితే ఇంకో ముక్క ఖాళీ చేయాలి. అన్నయ్య ఊరికే కూర్చుంటుంటే ఒకటి నింపొచ్చు. ఇప్పుడు మామూలు రోజుల్లో పది నిమిషాల్లోపే. సోమవారాలు ఇంకా లొంగలేదు, వాటికి వేరే పట్టిక వేస్తున్నాను.