బొడ్డు దగ్గరి కుట్టును మర్చిపోవద్దు

అపెండిక్స్ ఆపరేషన్ అయి తమ్ముడు ఇంటికొచ్చాక వాడి గాయాలు నేనే చూసుకున్నాను. లాపరోస్కోపీ కాబట్టి పొట్ట మీద మూడు చిన్న కోతలే. డిశ్చార్జ్ అప్పుడు నర్సు అన్నింటికన్నా బొడ్డు దగ్గరి కోత గురించే ఎక్కువ చెప్పింది. చాలామందికి వాచిన అపెండిక్స్‌ను బయటికి తీసేది అక్కడి నుంచేనట. పైగా బొడ్డులో తడి నిలుస్తుంది. అందుకే ఇన్ఫెక్షన్ వస్తే ముందు అక్కడే చూడాలంది.

48 గంటల తర్వాత స్నానం చేయొచ్చన్నారు. నీళ్లు పైనుంచి జారిపోవాలి, రుద్దకూడదు. తర్వాత శుభ్రమైన మెత్తటి గుడ్డతో అద్ది, బొడ్డు మడత లోపల కూడా ఆరనివ్వాలి. డాక్టర్ రాయని పౌడర్, ఆయింట్‌మెంట్ ఏదీ వద్దు.

ఒక సాయంత్రం అక్కడ ఎర్రగా కనిపించింది. టెన్షన్ పడుతూనే ఆ ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీశాను. కుట్టు చుట్టూ సన్నటి ఎరుపు, కాస్త గట్టిదనం మామూలే. కానీ మర్నాటికి ఎరుపు గీత దాటింది, ముట్టుకుంటే వేడిగా ఉంది, నొప్పి తగ్గాల్సింది పెరిగింది. వెంటనే తీసుకెళ్లాం. ఒక కుట్టు విప్పి చీము తీసి కడిగారు, మెల్లగా మానింది.

డాక్టర్ చెప్పిన ఇంకో మాట మాత్రం అందరికీ తెలియాలి. గాయం పైకి బాగానే ఉన్నా 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి, విరేచనాలు ఉంటే లోపల చీము గడ్డ కట్టి ఉండొచ్చు. ముఖ్యంగా అపెండిక్స్ పగిలినవాళ్లకి. అప్పుడు కుట్లు చూస్తూ కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.