తప్పెటగుళ్ళ పోస్టర్: జుట్టు దగ్గర తెల్లగీత పోయింది, చెవి దగ్గర ఇంకా పని ఉంది

జుట్టు చుట్టూ పీడిస్తున్న తెల్లగీత మొత్తానికి పోయింది! విజయనగరం దగ్గర పల్లెలో తీసిన తప్పెటగుళ్ళ ఫోటో ఇది. కళాకారుడు గాల్లోకి ఎగిరాడు, జుట్టు చెదిరింది, వెనక అంతా మబ్బు పట్టిన తెల్లటి ఆకాశం. 'తప్పెటగుళ్ళు' అనే శీర్షిక ముదురు మెరూన్‌లో ఆయన తల వెనక ఉండాలి. కింద అసలు ఫోటో, మధ్యలో అక్షరాలు, పైన కత్తిరించిన మనిషి. గింప్ అనే ఫోటో ఎడిటర్‌లో లేయర్ల వరస మామూలే.

ఆకాశం ముందు కటింగ్ శుభ్రంగా కనిపిస్తుంది. అదే జుట్టు మెరూన్ అక్షరం మీదికి వస్తే మూడు నాలుగు పిక్సెళ్ల వెడల్పున తెల్లటి అంచు తేలుతుంది. అంచును మెత్తబరిచే ఫెదర్ పెంచితే అది ఇంకా వెడల్పయింది. మనిషిలో ఏ భాగం కనిపించాలో తేల్చే మాస్కును 3 పిక్సెళ్లు లోపలికి కుదిస్తే సన్నటి వెంట్రుకలు కూడా పోయి, తలకు టోపీ పెట్టినట్టు తయారైంది.

కలర్ పిక్కర్‌తో చూస్తే కారణం దొరికింది. 0 నుంచి 255 వరకు ఉండే కొలతలో ఆకాశంలో ఆకుపచ్చ విలువ సుమారు 235, జుట్టులో 30. వెంట్రుక సగమే నిండిన పిక్సెల్‌లో ఈ రెండూ కలిసి 132 అవుతాయి. మాస్కు ఆ పిక్సెల్‌ను సగం పారదర్శకం చేసినా లోపలి ఆకాశం రంగు పోదు. మెరూన్‌లో ఆకుపచ్చ 20 మాత్రమే కాబట్టి కలిపాక 76 వస్తుంది. నిజంగా వెనక మెరూన్ గోడే ఉంటే రావాల్సింది 25. ఆ తేడాయే తెల్లగీత. అంటే మాస్కు ఎంత నున్నగా గీసినా ఇది పోదు.

అందుకే అక్షరాల లేయర్‌ను కింది ఫోటో రంగుతో గుణించి ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో పెట్టాను. తెల్లటి ఆకాశం మెరూన్ అవుతుంది, నల్లటి వెంట్రుక నల్లగానే ఉంటుంది, సగం పిక్సెల్ ముదురుగా వాటి మధ్యలో కలిసిపోతుంది. అంచున కింది ఫోటోలోని జుట్టే కనిపించేలా, పైనున్న మనిషి మాస్కును జుట్టు దగ్గర మాత్రం 6 పిక్సెళ్లు లోపలికి తీశాను. ఒక్కో వెంట్రుకా అక్షరం ముందు విడివిడిగా నిలిచింది!

చెవి దగ్గర మాత్రం ఇది పనిచేయదు. చర్మం వెలుతురుగా ఉంది కాబట్టి మల్టిప్లై దానికి ఎర్రరంగు పులిమేస్తుంది. అక్కడ మాస్కు సరిగ్గా అంచు మీదే ఉండాలి. చిన్న గట్టి బ్రష్‌తో చేత్తో గీస్తున్నా, చెవి తమ్మె కింద ఇంకా ఎర్రగా ఉంది. ఫోటోలోనే అక్కడ ఫోకస్ కాస్త మెత్తబడిందేమో అని అనుమానం.

రామభద్ర ఫాంట్ బాగా కుదిరింది, లావు అక్షరం కాబట్టి కొంత మూసుకుపోయినా చదవొచ్చు. తల మాత్రం 'ట' కింది భాగం మీదికి జరిపాను. 'ప్పె' మీదికి వస్తే ఎత్వం దాగిపోయి 'తప్పట' అని చదువుతారు. ఒక్క నొక్కుతో కత్తిరించే ఫోన్ యాప్‌లు స్టేటస్‌కు చాలు గానీ, ఫ్లెక్సీ సైజుకు పెంచితే జుట్టు ముద్దగా తేలుతుంది.

దసరా తర్వాతి మంగళవారం సిరిమానోత్సవం ఉంది. మాను అంచు గట్టిది కాబట్టి దానికి మామూలు మాస్కే సరిపోవాలి. సాయంత్రం ఆకాశం ముదిరితే లేత రంగు శీర్షిక పెట్టి, మల్టిప్లైకి విరుద్ధంగా రంగును వెలిగించే స్క్రీన్ మోడ్ చూడాలని ఉంది. నల్లజుట్టుకు అది పనికిరాదు, అంచున వెలుగు పడిన జుట్టు దొరకాలి. అందుకే సూర్యుడికి ఎదురుగా నిలబడి తీస్తాను.