నాన్న సిమ్ ఆఖరికి

నాన్న పోయిన నెలకు ఆయన పోస్ట్‌పెయిడ్ నంబరు రద్దు చేయించడానికి వెళ్లాను. మరణ ధ్రువీకరణ పత్రం నకలు, నా ఆధార్, ఆయనకు నేను కొడుకునని తెలిపే కాగితం, సంతకం చేసిన అర్జీ అడిగారు. పాత బిల్లు బాకీ కూడా కట్టమన్నారు. అన్నీ ఇవ్వబోతుంటే వరుసలో వెనకున్న పెద్దాయన, "మిగతా చందాలన్నీ ఆపేశారా బాబూ? వాటి ఓటీపీలు దీనికే వస్తాయి కదా" అన్నారు.

కాగితాలు సంచిలో పెట్టుకుని తిరిగొచ్చాను. ఆయన ఫోనులో ఆటో డెబిట్ సందేశాలు వెతికితే మూడు బయటపడ్డాయి: సినిమాల యాప్, ఇంటర్నెట్, ఇంకా యోగా తరగతులు! నాన్న, యోగా! యాప్ తీసేస్తే చందా ఆగదు. ఒక్కొక్కటీ విడిగా రద్దు చేశాను. సిమ్ మాత్రం ఇంకా అలాగే ఉంది.