పాకాల పెద్దమ్మ ఇంట్లో కందగడ్డ పులుసు

తిరుపతిలో కాట్పాడి వైపు రైలెక్కితే చంద్రగిరి దాటాక పాకాల వస్తుంది. దిగేసరికి నా సంచిలో తిరుపతి రైతుబజారులో కొన్న నాటు కందగడ్డ ముక్క అరకిలో ఉంది. కోసిన చోట తడి ఆరి గట్టిపడినదాన్నే ఏరి తెచ్చాను. కొత్తగా తవ్విన గడ్డ కంటే కొన్నాళ్లు ఆరిన గడ్డకు దురద తక్కువ. కొవ్వూరు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన గజేంద్ర రకమైతే అసలు ఇంత జాగ్రత్తే అక్కర్లేదు.

పెద్దమ్మ దాన్ని కడగలేదు. చేతులకు కొబ్బరినూనె రాసుకుని, పొడి కత్తిపీట మీద తొక్కను మందంగా చెక్కి, అంగుళం ముక్కలు కోసింది. కడగడం ఆ తర్వాతే. గడ్డలో కంటికి కనపడని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. తడి చేత్తో కోస్తే జిగురుతో పాటు అవి చర్మానికంతా పాకుతాయి.

లీటరు నీళ్లు మరిగాక అర చెంచా పసుపు, చెంచా ఉప్పు, ముక్కలు వేసింది. చింతపండు అప్పుడే వేద్దామని నేను గిన్నె అందుకుంటే ఆపింది.

"ఇప్పుడే ఎయ్యొద్దు నాయనా. పులుపు ముందు పడితే ముక్క బిరుసెక్కిపోతాది, ఎంత ఉడికించినా మెత్తబడదు."

ఆ మాట అక్షరాలా నిజం. కూరగాయ కణాలను అంటిపెట్టుకునే పెక్టిన్ పులుపులో సులువుగా కరగదు. అందుకే చింతపండుతోనే మొదలుపెట్టిన ముక్క పైన ఉడికినట్టు కనిపించినా నడుమ పచ్చిగా మిగులుతుంది, గొంతులో గీరేది ఆ పచ్చిదే. అలాగని పులుపు మానేయకూడదు. ఆ స్ఫటికాలు ఒట్టి వేడికి కరిగిపోవు. వాటి పోటు తగ్గడానికి ఉడుకుతో పాటు పులుపూ తోడ్పడుతుంది.

పది, పన్నెండు నిమిషాలకు కత్తిమొన ముక్కలో సగం దాకా సులువుగా దిగి, నడుమ కొంచెం ఆగింది. పెద్దమ్మ చూస్తున్న గుర్తు అదే. ఆ నీళ్లు పూర్తిగా వంపేసింది, ఎందుకంటే నీళ్లలో కరిగే ఆక్సలేట్ అందులోకే దిగుతుంది. తర్వాత పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టి తీసిన రసం, రెండు గ్లాసులు, ముక్కల మీద పోసి సన్నని మంట మీద మరో పది నిమిషాలు ఉడికించింది. ముక్కను వేళ్ల మధ్య నొక్కితే గట్టి పలుకు తగలకుండా చిదిమిపోవాలి. ఆ తర్వాతే కారం, ధనియాలపొడి, చిన్న బెల్లం ముక్క, తిరగమోత. గడ్డ మరీ లేతదైతే మొదటి ఉడుకు ఎనిమిది నిమిషాలు చాలు, లేదంటే పులుసులో ముక్క చెదిరిపోతుంది.

చామగడ్డకు దారి వేరు. తొక్క తీయకుండానే కుక్కరులో రెండు కూతలు రానిచ్చి, చల్లారాక ఒలుస్తారు. అప్పుడు చేతికి దురద బాగా తగ్గుతుంది, జిగురూ అంతగా కారదు. దాన్ని చింతపండు రసంలో ఐదు నిమిషాలు మరిగిస్తే సరిపోతుంది. గెనుసుగడ్డకు ఈ దురద గొడవే లేదు, ఉత్త నీళ్లలో ఉడికించినా హాయిగా తినొచ్చు.