నీళ్ల ఖర్చు తగ్గింది, నా చార్టులో మాత్రం పెరిగింది (నా అనుభవం)

బెంగళూరులో మారతహళ్లి వైపు మా అపార్ట్‌మెంటు. ఈ ఏడాది ట్రెజరర్ పని నా నెత్తిన పడింది. బిల్లులు పోగేయడం, ఆడిటర్‌తో సంతకం పెట్టించడం రెండు వారాల్లో అయిపోయాయి. పరువు పోయింది మాత్రం ఒక్క బొమ్మ దగ్గర.

నాలుగేళ్ల ఖర్చు చూపించాలి. 2021-22లో మొత్తం 32 లక్షలు, తర్వాత 35, 42, పోయినేడు 44. అందులో సెక్యూరిటీ, ట్యాంకర్ నీళ్లు, కరెంటు, ఇతరాలు. మొత్తంలో భాగాలు కదా, స్టాక్డ్ బార్ వేసేశాను. ఏడాదికో కంబం, కింద నీలం సెక్యూరిటీ, దాని మీద ఆకుపచ్చ నీళ్లు, ఆపైన మిగతావి. చూడముచ్చటగా ఉంది. నాకైతే దాని మీద ఇంకో ఆశ కూడా ఉంది. ఇంకుడు గుంతలు బాగుచేయించి ట్యాంకర్లు తగ్గించింది నేనే. 13 లక్షలున్న నీళ్ల ఖర్చు 11కి దిగింది. నలుగురూ చప్పట్లు కొడతారనుకున్నాను.

మీటింగులో మూడో వరసలోంచి బ్యాంకులో రిటైరైన అనంతపురం పెద్దాయన లేచారు. "ఏం బాబూ, నీళ్లు తగ్గినాయంటివే? ఆకుపచ్చది ఇంకా పైకే పోయింది కదా!" అన్నారు. "లేదు సార్, 11 లక్షలే" అన్నాను. "మరి బొమ్మ ఎందుకట్ల చెప్తాంది?" అన్నారు. హాలంతా నవ్వు. నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ కూడా నవ్వింది, అది వేరే సంగతి.

ఇంటికొచ్చి కాగితం మీద గీసుకుంటే గుట్టు తెలిసింది. 2023-24లో సెక్యూరిటీ 17, దాని మీద నీళ్లు 13, అంటే ఆకుపచ్చ పట్టీ 17 దగ్గర మొదలై 30 దగ్గర ఆగుతుంది. పోయినేడు సెక్యూరిటీ 20కి పెరిగింది. నీళ్లు 11 అయినా పట్టీ 20 నుంచి 31 దాకా పోయింది. పై అంచు ఒక మెట్టు ఎక్కింది. కన్ను చూసేది అంచునే, పట్టీ మందాన్ని కాదు. స్టాక్‌లో అన్నిటికంటే కింద ఉన్న భాగానికి మాత్రమే నేల ఉంటుంది. మిగతావన్నీ గాలిలో వేలాడుతుంటాయి. క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు అమెరికన్ గణాంకవేత్తలు 1984లోనే ప్రయోగాలు చేసి చెప్పారు: ఒకే గీత మీద నిలబెట్టిన వాటిని మనం సరిగ్గా పోల్చుకుంటాం, వేర్వేరు ఎత్తుల్లో ఉన్న ముక్కల పొడవుల దగ్గర ఎక్కువ తప్పుతాం. పెద్దాయన తప్పేం లేదు.

మర్నాడు గ్రూప్డ్ బార్ వేశాను. అదీ మొదట బెడిసికొట్టింది. ఏడాదికో గుంపు, గుంపులో నాలుగు కంబాలు, మొత్తం పదహారు. నీళ్లకు నేల దొరికింది గానీ, ఒక ఏడాది నీళ్ల నుంచి ఇంకో ఏడాది నీళ్లకు పోవాలంటే మధ్యలో మూడు కంబాలు దాటాలి. ఎక్సెల్‌లో `Switch Row/Column` నొక్కాక ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు గుంపు అంటే ఖర్చు రకం. నీళ్ల గుంపులో నాలుగేళ్లూ పక్కపక్కనే: 8, 9, 13, 11. గుడ్డివాడికీ తెలుస్తుంది.

సెక్రటరీ గారికి చూపిస్తే, "మరి మొత్తం ఎంత పెరిగింది?" అన్నారు. నిజమే, గ్రూప్డ్‌లో మొత్తం మాయమైపోతుంది, వేళ్ల మీద కూడుకోవాల్సిందే. ఆయన తన తెలివి చూపించి, అన్నీ నూటికి ఇంత వంతున ఒకే ఎత్తు కంబాలు వేయమన్నారు. వేసి చూపించాను. కరెంటు చివరి రెండేళ్లూ 7 లక్షలే, కానీ మొత్తం పెరిగింది కాబట్టి పట్టీ సుమారు 16.7 శాతం నుంచి 15.9కి సన్నబడింది. "కరెంటు పొదుపు చేశామని చెప్పుకుందామా సార్?" అన్నాను. మళ్లీ మాట్లాడలేదు.

చివరికి రెండు బొమ్మలు పెట్టాను. ఒకటి స్టాక్డ్, మొత్తం కోసం. `Select Data`లో బాణంతో నీళ్లను మొదటి వరసకు జరిపితే అది కంబం అడుక్కు దిగింది. కంబం నెత్తిన మొత్తం అంకె వేయడానికి ఎక్సెల్‌లో సూటి దారి లేదు. మొత్తాన్ని ఇంకో సిరీస్‌గా చేర్చి, దాన్ని లైన్‌గా మార్చి, అంకెలు పైన పెట్టి, గీతను కనపడకుండా చేయాలి. అరగంట పట్టింది. రెండోది రకాలవారీ గ్రూప్డ్. నాలుగు రకాలు, నాలుగేళ్లు కాబట్టి సరిపోయింది. ఎనిమిది రకాలుంటే మాత్రం చిన్నవాటిని ఇతరాల్లో కలిపేయకపోతే అడవే.

నిన్న మళ్లీ కూర్చున్నాం. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని గ్రూప్డ్ బొమ్మను చాలాసేపు చూశారు. "నీళ్లు తగ్గినాయి బాబూ, ఒప్పుకున్నా" అన్నారు. తర్వాత వేలు పక్క గుంపు మీదికి జరిగింది. "ఈ సెక్యూరిటీ 13 నుంచి 20 అయింది కదా, ఇదెవరి పుణ్యం?"

ఆ కాంట్రాక్టు కుదిర్చింది సెక్రటరీ గారు. మైకు ఆయనకిచ్చి కూర్చున్నాను.